పెట్టెలక్క ఏడు వారాల జవాబు

పెట్టెలక్క అబద్ధం ఆడదని కాదు. ఆడుతుంది. కూరలో ఉప్పు సరిపోయిందంటుంది, మొగుడి మీసం బాగుందంటుంది, రేపే వచ్చి కలుస్తానని చుట్టాలకి చెప్పి ఆర్నెల్లు కనబడదు. కానీ పని దగ్గర మాత్రం ఆవిడ నోట అబద్ధం రాదు. పని దగ్గర ఆవిడకున్న రోగం వేరు. అసలు నోరే విప్పదు.

ఆ రోగం తండ్రి దగ్గర్నుంచి వచ్చింది. ఆయన పుస్తకాలకి అట్టలు కట్టేవాడు. చేతిలో వస్తువు లేకుండా నోట్లో మాట ఉండకూడదనేవాడు. ఎవరైనా వచ్చి "అయిందా?" అంటే, అయితే తీసి చేతిలో పెట్టేవాడు, కాకపోతే వినబడనట్టు గమ్ము కలుపుకుంటూ ఉండేవాడు. పధ్నాలుగేళ్ళప్పటి నుంచి ఆయన పక్కన కూర్చుని కత్తెర పట్టిన పిల్ల ఇంకేం నేర్చుకుంటుంది? కొడుక్కి మాత్రం ఆ గమ్ము వాసన పడలేదు. అతను మిషన్లు పెట్టి, గోధుమరంగు కార్టన్లు కొట్టే ఫ్యాక్టరీ తెరిచి, ఇవాళ అరవైమందికి జీతాలిస్తున్నాడు. కూతురు తండ్రి కత్తులూ, బరువుదిమ్మలూ, అట్ట మడతలు నొక్కే ఎముకపుల్లా తెచ్చుకుని, రెండు గదులు అద్దెకి తీసుకుని, చేత్తో చేసే గట్టి అట్టపెట్టెలు మొదలుపెట్టింది. పదకొండేళ్ళయింది. మూత పట్టుకుని ఎత్తితే అడుగు, అంటే కింది డబ్బా, మెల్లగా, గాలి వదులుతూ, దానంతటది కిందికి జారాలి. అలా జారితేనే పెట్టె. విసురుగా పడితే వదులు, అసలు జారకపోతే బిగువు. రెండూ చెత్తబుట్టలోకే. వీధిలో పిల్లల దగ్గర్నుంచి పోస్టుమేన్ వరకూ అందరూ ఆవిణ్ణి పెట్టెలక్క అంటారు.

ఆ రెండు గదుల్లో మనుషులు ముగ్గురు. పెట్టెలక్క, అట్ట కోసే కటింగ్ బాబాయి, గమ్ము రాసే పెద్దమ్మ. బాబాయి ఆవిడ తండ్రి దగ్గర పనిచేసినవాడు, అందుకే ఆవిణ్ణి ఇప్పటికీ "అమ్మాయ్" అంటాడు. పెద్దమ్మకి చెవులు కొంచెం మందం, చేతులు మాత్రం బహు చురుకు. ఆ ఏడాది పాత ఖాతాదారులు ఒక్కొక్కరే మిషను పెట్టెలకి మళ్ళిపోయారు. గదుల అగ్రిమెంటు ఇంకో రెండు నెలల్లో, ఒకటో తేదీతో అయిపోతుంది. అన్నగారు అప్పటికే మూడు వారాలుగా అడుగుతున్నాడు: గదులు ఖాళీ చేసెయ్, నువ్వూ నీ ఇద్దరూ మా ఫ్యాక్టరీకి వచ్చెయ్యండి, నిన్ను సూపర్‌వైజర్ని చేస్తాను, హాయిగా కుర్చీలో కూర్చుందువు గానీ అని. ప్రేమతోనే అన్నాడు పాపం. కానీ పెట్టెలక్కకి ఆ కుర్చీ తలుచుకుంటే ఒళ్ళు మండేది. తండ్రి పని తన చేతుల్లో ఆగిపోవడం అంటే ఆవిడకి చిన్న విషయం కాదు. అన్నయ్యకీ అవుననలేదు, కాదనలేదు. మామూలే, నోరు విప్పలేదు.

ఇలాంటి సమయంలో ఒక పెన్నుల కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. ఖరీదైన పెన్నులు, కానుకగా ఇచ్చేవి. ఎనిమిది వేల పెట్టెలు కావాలి, పొడుగ్గా, సన్నగా, నీలం మీద వెండి చారల కాగితంతో. కొనుగోళ్ళ మేనేజరు మేడమ్ మూడంటే మూడు ప్రశ్నలు అడిగింది. పెట్టెకెంత? వారానికెన్ని చేయగలరు? నమూనా ఎప్పుడు చూపిస్తారు? మూడో రోజు కొరియర్‌లో ఆ చారల కాగితం పన్నెండు షీట్లు కూడా వచ్చాయి. ఆ ఆర్డరు వస్తే అన్నయ్య కుర్చీతో పని లేదు. రెండు గదులకీ ఇంకో మూడేళ్ళు ఢోకా లేదు.

మరి వెంటనే జవాబు రాయొచ్చుగా? రాయదు. "కాగితం అందింది, చూస్తున్నాం" అని ఒక్క ముక్క రాస్తే వేళ్ళు అరిగిపోతాయా? అయినా రాయదు. వస్తువు చేతిలో లేదుగా!

మొదటి పెట్టె నాలుగో రోజుకి తయారైంది. ముచ్చటగా ఉంది. ఆ సాయంత్రం వాన పడింది. పొద్దున్నే మూత లాగితే రాలేదు. గోరు పెట్టి లాగాల్సి వచ్చింది. పొడుగు గోడ మధ్యలో లోపలికి వంగి, అడుగుని గట్టిగా కరుచుకుంది. సరే, మూత అర మిల్లీమీటరు పెద్దది చేశారు. ఎండలో ఊడిపడింది, ముసురులో మళ్ళీ కరుచుకుంది. గమ్ము చిక్కగా చేశారు. బరువుల కింద రెండ్రోజులు ఎక్కువ ఉంచారు. లోపల అస్తరు కాగితం మార్చారు. ఏం చేసినా మూడు రోజులు బుద్ధిగా ఉండి, నాలుగో రోజు వాన మొహం చూడగానే మొండికేసేది.

రెండో వారంలో మేడమ్ మళ్ళీ రాసింది, మా మెయిల్ అందిందా అని. మూడో వారంలో రెండుసార్లు ఫోన్ చేసింది. ఫోను మోగుతుంటే పెట్టెలక్క దాన్ని బ్రష్షుల సొరుగులో పెట్టి సొరుగు మూసేసింది. నేనూ నమ్మలేదు, కానీ పెద్దమ్మ చెప్పింది, ఆవిడ కళ్ళతో చూసిందట. "మోగేదేంటి అమ్మాయ్?" అని బాబాయి అంటే "ఏదో కంపెనీ ఫోను" అందట. నిజమే కదా, ఏదో కంపెనీదే.

ఐదో వారంలో అసలు సంగతి బయటపడింది. కాగితంలో నారలన్నీ ఒక దిక్కుకే పడుకుని ఉంటాయి. ఆ దిక్కుని వీళ్ళు గ్రెయిన్ అంటారు. తడి తగిలితే కాగితం ఆ నారలకి అడ్డంగా ఉబ్బుతుంది, ఆరితే అడ్డంగానే ముడుచుకుని అట్టని లాగుతుంది. అందుకే పొడుగు గోడకి గ్రెయిన్ పొడుగునే నడవాలి. ఇది బాబాయికి నిద్రలో లేపి అడిగినా తెలుసు. అట్టకి చూశాడు కూడా. కానీ చారల కాగితానికి చూడలేదు. చారలు పొడుగునా రావాలని కంపెనీవాళ్ళు బొమ్మ గీసి పంపారు, ఆ బొమ్మ ప్రకారం కోసేశాడు. గ్రెయిన్ తెలియాలంటే ఒక షీటు చింపి చూడాలి, పొడుగునా అయితే తిన్నగా చిరుగుతుంది, అడ్డంగా అయితే వంకరటింకరగా పోతుంది. ఉన్నవి పన్నెండు షీట్లు. వాటిని బంగారు రేకుల్లా దాచుకున్నారు, ఎవరికి చింపబుద్ధేస్తుంది? చివరికి మిగిలిన ఒక ముక్కని పెద్దమ్మ నీళ్ళలో పడేస్తే అది చారల వెంబడి గొట్టంలా చుట్టుకోవాల్సింది పోయి, చారలకి అడ్డంగా చుట్టుకుంది. బాబాయి నెత్తిన చెయ్యి పెట్టుకుని స్టూలు మీద కూలబడ్డాడు. గ్రెయిన్ చారలకి అడ్డంగా ఉంది.

ఆరో వారంలో మిగిలిన కాగితాన్ని తిప్పి, చారలు అడ్డంగా వచ్చేలా రెండు పెట్టెలు చేశారు. నీళ్ళ బకెట్టు పైన జల్లెడ పెట్టి, దాని మీద పెట్టెలుంచి, పైన గుడ్డ కప్పి రెండు రోజులు వదిలేశారు. తీసి మూత పట్టుకుని ఎత్తితే, అడుగు ఊపిరి వదిలినట్టు మెల్లగా జారి బల్ల మీద ఆగింది. పెద్దమ్మ పమిట కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

వస్తువు చేతికొచ్చింది. ఇప్పుడు మాట రావాలిగా? రాలేదు. ఇప్పుడు సిగ్గు అడ్డొచ్చింది. మొదటి వారంలో రాయకపోవడానికి మూత కారణం. ఆరో వారంలో రాయకపోవడానికి ఐదు వారాలు రాయకపోవడమే కారణం. ఇంతకంటే దిక్కుమాలిన కారణం ఇంకోటుంటుందా? ఫోనులో మేడమ్ పేరు కనిపిస్తే చాలు, తేలు కుట్టిన దొంగలా పక్కకి తిరిగేది. అలా ఏడో వారమూ వచ్చింది. ఒకటో తేదీకి ఇంకా పదిహేను రోజులే ఉంది.

ఆదివారం పొద్దున వంటింట్లో ఈ సంగతి ఇంట్లో వాళ్ళ ముందు బయటపెట్టింది. ఇక చూడండి, తలో సలహా. మొగుడు స్కూలు బస్సు నడుపుతాడు, ఆలస్యాలకి కారణాలు చెప్పడంలో ఆరితేరినవాడు. ఇందులో ఏముందే, మా అమ్మ పోయిందని రాసెయ్, చావు కబురు ముందు ఎవరూ నోరెత్తరు అన్నాడు. వాళ్ళమ్మ అక్కడే పీట మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది.

"చంపితే చంపావు గానీ," అంది ముసలావిడ తలెత్తకుండా, "మళ్ళీ ఆలస్యమైతే అప్పుడెవర్ని చంపుతావురా? మీ నాన్న ముందే పోయాడుగా."

అందరూ నవ్వారు గానీ ఆ మాట పెట్టెలక్కకి గట్టిగా తగిలింది. ఒక అబద్ధం రాస్తే దాన్ని ఎన్నాళ్ళు మేపాలి! ఆర్డరిస్తే ఆ మేడమ్ రేపు ఇంటికొచ్చి, పోయినావిడ చేత్తో టీ తాగుతుందా?

టీ తాగడానికి వచ్చిన కటింగ్ బాబాయి సలహా ఇంకో రకం. ఏమీ జరగనట్టే ఉండు అమ్మాయ్, ధరా గిరా రాసి పంపెయ్, వాళ్ళకి వంద పనులుంటాయి, గుర్తుండదు అన్నాడు. రెండు ఉత్తరాలు రాసి, రెండుసార్లు ఫోన్ చేసినావిడకి గుర్తుండదా? పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టే ఉంటుంది అంది పెట్టెలక్క. అన్నగారు ఫోన్‌లో దొరికాడు. అతనైతే తేల్చిపారేశాడు. పెద్ద కంపెనీలు తలుపు ఒక్కసారే కొడతాయి, ఆ సంగతి వదిలేసి ఒకటో తేదీకి వచ్చెయ్ అన్నాడు. అక్కడితో ఆవిడకి ఎక్కడో కాలింది. "వాళ్ళు ఒకసారే కొడితే నేను వెళ్ళి వాళ్ళ తలుపు కొడతాను" అని ఫోన్ పెట్టేసింది.

సోమవారం వర్క్‌షాపులో, బాబాయీ పెద్దమ్మా భోజనానికి వెళ్ళాక, పెట్టెలక్క కూర్చుని రాసింది. ఏడు వారాల మౌనం ఒక్కసారి కట్ట తెంచుకుంది. ఒకటిన్నర పేజీ వచ్చింది. వానలు, గమ్ము, పెద్దమ్మ మోకాళ్ళు, తనకి నిద్ర పట్టకపోవడం, అన్నీ. రాశాక పైనుంచి కింది దాకా చదివింది. అందులో "క్షమించండి" ఏడుసార్లు ఉంది, వారానికొకటి చొప్పున. ఇప్పుడు తను ఆ మేడమ్ అనుకుని మళ్ళీ చదివింది. చదివితే ఏమనిపించిందంటే, ఇప్పుడు ఈవిణ్ణి నేను ఓదార్చాలా అనిపించింది. ఏడు వారాలు నన్ను కూర్చోబెట్టి, చివర్లో కన్నీళ్ళు తుడిచే పని కూడా నాకే పెడుతోందేమిటి అనిపించింది. ఛీ అని మొత్తం చెరిపేసింది.

తప్పు చేశాను, ఒప్పుకుంటాను. కాళ్ళు మాత్రం పట్టుకోను. అలా అనుకున్నాక ఉత్తరం దానంతటదే వచ్చింది. ఇదీ అది:

"నమస్కారం మేడమ్. పెన్నుపెట్టెల గురించి ఏడు వారాల కిందట రాశారు. మళ్ళీ ఒకసారి గుర్తు చేశారు, రెండుసార్లు ఫోన్ చేశారు. నేను జవాబివ్వలేదు. తప్పు పూర్తిగా నాది. మీ సమయం పాడు చేసినందుకు క్షమించండి.

జరిగింది ఇది. మీ కాగితంతో చేసిన మూత వాన పడితే పట్టేస్తోంది. బాగయ్యాకే రాద్దామని ఆగాను. ఆగకుండా మొదటి వారంలోనే మీకు చెప్పాల్సింది. కారణం ఇప్పుడు దొరికింది. మీ కాగితం గ్రెయిన్ చారలకి అడ్డంగా ఉంది. చారలు పొడుగునా పెట్టి చేస్తే ఎవరు చేసినా పొడుగు గోడ వంగుతుంది. దారులు రెండు. చారలు అడ్డంగా తిప్పాలి. లేదా మిల్లు నుంచి గ్రెయిన్ పొడుగునా ఉన్న కాగితం తెప్పించాలి.

మీ మూడు ప్రశ్నలకి జవాబులు. ధర ఈ మెయిల్‌తో జత చేశాను. వారానికి ఆరు వందలు చేయగలం, అంతకంటే ఎక్కువ చెబితే అబద్ధం. నమూనాలు రెండు సిద్ధంగా ఉన్నాయి.

ఈపాటికి మీరు పని ఇంకొకరికి ఇచ్చి ఉంటే అది న్యాయమే. అయినా కాగితం సంగతి మీకు పనికొస్తుంది, వాళ్ళకి చెప్పండి. చూడాలనుకుంటే గురువారం నమూనాలు తీసుకుని వస్తాను. సరే అని ఒక్క మాట రాస్తే చాలు."

బాబాయి చదివి లబోదిబోమన్నాడు. ఐదు వారాలు కష్టపడి కనిపెట్టిన కిటుకు, ఆర్డరు రాకముందే ఉచితంగా రాసిచ్చేస్తావా? ఇంకొకడు దాన్ని పట్టుకుని పెట్టెలు చేసుకుపోడా? ఆవిడ ధరలో పైసా తగ్గించలేదు, బతిమాలలేదు, ఉన్న ఒక్క గుట్టూ విప్పేసింది. "చేసుకోనీ బాబాయ్," అంది. "ఏడు వారాలు ఆవిడకి ఏమీ ఇవ్వలేదు. ఇదన్నా ఇద్దాం." బటను నొక్కేసింది.

మంగళవారం జవాబు లేదు. బుధవారం కూడా మధ్యాహ్నం దాకా లేదు. ఇంకో ఉత్తరం రాయనా, అందిందా అని అడగనా అని వేళ్ళు దురదపెట్టాయి. ఏడు వారాలు కూర్చోబెట్టినదాన్ని, రెండు రోజులు కూర్చోలేనా అని తనని తనే తిట్టుకుని అట్టలు కోసింది. ఎవరైనా మాట్లాడిస్తే కసురుకుంది. సాయంత్రం నాలుగింటికి వచ్చింది, ఒకటే వరుస: "గురువారం పదకొండింటికి. నమూనాలు తెండి." సరే అని ఒక్క మాట రాయమంటే నాలుగైదు మాటలు రాసిందిగా అని పెద్దమ్మ సంబరపడింది.

మేడమ్ గది చిన్నది. ఒక బల్ల, రెండు కుర్చీలు, కిటికీ అవతల లారీలు. బల్ల మీద డజను నీలం పెట్టెలు వరుసగా ఉన్నాయి, వెండి చారలు పొడుగునా. అంటే పని ఇంకెవరికో ఇచ్చేశారన్నమాట. పిలిచింది మొహం మీద చెప్పడానికన్నమాట. అయినా పెట్టెలక్క తల దించలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది.

మేడమ్ పలకరింపులేం పెట్టుకోలేదు. ఒక పెట్టె ముందుకి తోసి తెరవమంది. పెట్టెలక్క మూత పట్టుకుని లాగింది. రాలేదు. గోరు దూర్చి లాగితే టప్పున ఊడి, లోపలి పెన్ను బల్ల మీద దొర్లింది. మేడమ్ చెప్పింది: మీ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే నాలుగో వారంలో ఇంకొకరికి ఇచ్చాం, రెండు వేలు వచ్చాయి, పోయిన వారం దుకాణాలకి పంపాం. వాన చెమ్మ తగలగానే ఒక్కో దుకాణం నుంచీ ఫోన్లు. చేసినవాళ్ళు గోదాములో చెమ్మ అంటున్నారు, గోదాము వాళ్ళు లారీ అంటున్నారు. మీ ఉత్తరం వచ్చాకే నేనొక పెట్టె కాగితం ఊడబీకి నీళ్ళలో వేసి చూశాను. మిగతా ఆరు వేలూ ఆపించాను.

పెట్టెలక్క తన రెండు పెట్టెలూ తీసి బల్ల మీద పెట్టింది. ఏమీ వర్ణించలేదు. మేడమ్ మూత ఎత్తింది, అడుగు నెమ్మదిగా జారింది. మళ్ళీ మూసి మళ్ళీ ఎత్తింది. అడ్డ చారల్ని కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి, ఇలాగే బాగుందే, పొడుగునే ఉండాలని ఎవరన్నారు అంది. పెట్టెలక్క ఊపిరి పీల్చుకోబోయింది. అప్పుడడిగింది మేడమ్ అసలు ప్రశ్న.

"మూత పట్టేస్తోందని మీకు ఎప్పుడు తెలిసింది?"

చూడండి, ఇక్కడ తప్పించుకోవచ్చు. గ్రెయిన్ సంగతి తెలిసింది ఐదో వారంలో. ఐదో వారం అంటే, అప్పటికే వాళ్ళు పని ఇంకొకరికి ఇచ్చేశారు, తప్పు తనది కాకుండా పోతుంది. అబద్ధం కూడా కాదు. కానీ ఆవిడ అడిగింది అది కాదు.

"మొదటి వారంలో" అంది పెట్టెలక్క.

"అప్పుడే ఒక్క ముక్క చెప్పి ఉంటే ఈ రెండు వేలు ఉండేవి కాదు."

"ఉండేవి కాదు."

మేడమ్ ఇంకేదో వస్తుందని ఆగింది. వానలనో, ఆరోగ్యమనో. ఏమీ రాలేదు. పెట్టెలక్క కళ్ళు తిప్పలేదు. ఏడు వారాల్లో తను దాచుకున్నది సిగ్గు అనుకుంది. తను దాచింది ఇంకొకరికి పనికొచ్చే కబురని ఆ డజను పెట్టెల ముందు కూర్చున్నాకే తెలిసింది. తెలిసినందుకు తన మీద తనకే మండింది.

చివరికి మేడమ్ కాగితం మీద రాసుకుంటూ మాట్లాడింది. మొత్తం ఇవ్వను, ముందు వెయ్యి. మా దగ్గరున్న కాగితమే, చారలు అడ్డంగా. ప్రతి శనివారం నాకు ఒక కబురు రావాలి, ఎన్ని అయ్యాయో, ఏం పాడైందో. మధ్య రోజుల్లో బాగుంటే నాకు చెప్పకపోయినా పరవాలేదు, పాడైతే మాత్రం ఆ రోజే చెప్పాలి. ఒక్క శనివారం తప్పినా మిగతావి రావు.

ఇంకొకరైతే దండం పెట్టి లేచేవారు. పెట్టెలక్క లేవలేదు. "నాదీ ఒక షరతు" అంది. "మీ డిజైన్ వాళ్ళు గ్రెయిన్ చూడకుండా బొమ్మ గీశారు. అది వాళ్ళ తప్పు. ఇకమీద నేనేదైనా అడిగితే రెండు రోజుల్లో మీరూ చెప్పాలి. అవునో కాదో, తెలీదనో."

మేడమ్ పెన్ను ఆపి ఆవిడ వంక చూసింది. ఏడు వారాలు మాయమైన మనిషి రెండు రోజుల గడువు పెడుతోంది! పెట్టెలక్కకీ ఆ సంగతి తెలుసు, తెలిసే కూర్చుంది. మేడమ్ నవ్వలేదు గానీ మూతి ఒక పక్కకి వంగింది. రాసుకుంది, రెండు రోజులు అని.

పెట్టెలక్క తిన్నగా వర్క్‌షాపుకి వచ్చేసరికి గుమ్మం ముందు అన్నగారి కారు ఆగి ఉంది. అన్న లోపల బాబాయి బల్లని టేపుతో కొలుస్తున్నాడు. ఒకటో తేదీకి సామాను తరలించాలంటే ఏ సైజు లారీ కావాలో చూసుకుందామని వచ్చాడట. బాబాయి గోడకి ఆనుకుని నేల చూపులు చూస్తున్నాడు. పెద్దమ్మ గమ్ము గిన్నె ఒళ్ళో పెట్టుకుని ఎవరికీ ఇవ్వనన్నట్టు కూర్చుంది. చెల్లెలు చెప్పులు విప్పుతుంటేనే అన్న అందుకున్నాడు. పది వారాలనుంచి అడుగుతున్నాను, అవుననవు కాదనవు, మీ ముగ్గురి కోసం అక్కడ మనుషుల్ని తీసుకోకుండా ఆపి ఉంచాను, ఏమనుకుంటున్నావు అసలు అని కేకలేశాడు. కేకలెయ్యడంలో న్యాయముంది. పెట్టెలక్క రెండో చెప్పు కూడా విప్పి, అన్న ఎదురుగా వచ్చి నిలబడింది.

"పది వారాలు నిన్ను ఆపి ఉంచాను. తప్పు నాదే అన్నయ్యా, మన్నించు. మేం రావడం లేదు. ఆ మూడు చోట్లకీ ఇవాళే మనుషుల్ని తీసుకో."

అన్న టేపు చేతిలోనే చర్రుమని చుట్టుకుపోయింది. ఎనిమిది వేలూ ఇచ్చారా అన్నాడు. వెయ్యి అంది. వెయ్యి పెట్టెల్ని నమ్ముకుని గదులు మూడేళ్ళకి రాయించుకుంటావా, నీకేమైనా మతి పోయిందా అన్నాడు. మూడేళ్ళకే, రేపే రాయిస్తున్నాను అంది. ఆ వెయ్యీ సరిగ్గా రాకపోతేనో? రాకపోతే రాలేదని ఆ రోజే చెబుతాను, వాళ్ళకీ, నీకూ కూడా అంది. అన్న టేపు జేబులో పడేసుకున్నాడు. బాబాయి మెల్లగా వచ్చి తన బల్ల దగ్గర నిలబడ్డాడు.

అన్న కారు తాళాలు తీసుకుని గుమ్మం దాటుతుంటే పెట్టెలక్క వెనక్కి పిలిచింది. నీ ఫ్యాక్టరీలో రెండు మిల్లీమీటర్ల అట్ట, గ్రెయిన్ పొడుగునా ఉన్నది, వెయ్యి పెట్టెలకి సరిపడా ఉంటే మార్కెట్ ధరకి నాకు అమ్ముతావా అని అడిగింది. కోపంలో ఉన్న మనిషి ఆ ప్రశ్నకి తెల్లబోయాడు. గోదాములో ఏముందో ఏమిటో, చూడాలి, చూసి ఎప్పుడో చెబుతాలే అన్నాడు.

"ఎప్పుడో కాదు, రేపు చెప్పు," అంది చెల్లెలు. "లేకపోయినా చెప్పు."